ఊదా ఎరుపు తిరిగిన జుట్టుకు ఏది మేలు: యాష్ బాక్సా, ఆకుపచ్చ టోనరా?

నాది మీడియం బ్రౌన్ జుట్టు. కాస్త నిగారింపు కోసం ఇంట్లోనే చాక్లెట్ బ్రౌన్ బాక్స్ డై వేసుకున్నాను. బాత్‌రూమ్ లైటు కింద బాగానే అనిపించింది. పొద్దున బాల్కనీలో తల దువ్వుకుంటుంటే పాయలన్నీ నేరేడుపండు నలిపి పూసినట్టున్నాయి. నెత్తి దగ్గర మరీ ఎరుపు.

డబ్బా పక్కన చూస్తే 4.5 అని ఉంది. 4 అంటే ముదురు ఎంతో చెప్పే అంకె. చుక్క తర్వాతి 5, చాలా కంపెనీల లెక్కలో మహాగని, అంటే ఎరుపు, ఊదా కలిసిన ఛాయ. దానికితోడు రంగులో కలిపే డెవలపర్ ద్రవం మన సహజ రంగును కొంత తేలిక చేసేసరికి లోపలి ఎరుపు బయటపడుతుంది. తల వేడికి కుదుళ్ల దగ్గర ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది.

అందరూ చెప్పే మందు, పైన యాష్ బ్రౌన్, అంటే బూడిద ఛాయ ఉన్న బ్రౌన్ బాక్స్ డై వేయడం. నేను వద్దంటాను. యాష్ షేడ్లలో చాలావాటికి ఆధారం నీలం. నీలం అణచేది నారింజని. ఎరుపు మీద నీలం పడితే ఊదా ఇంకా చిక్కబడుతుంది. పైగా ఒకసారి వేసిన రంగును మరో రంగు తేలిక చేయలేదు, జుట్టు నల్లబడుతుంది అంతే.

ఎరుపుకు ఎదురు రంగు ఆకుపచ్చ. ఊదాకు ఎదురు పసుపు. అందుకే నాకు పనికొచ్చింది కొద్దిగా బంగారు ఛాయ కలిసిన ఆకుపచ్చ ఆధారపు డెమీ పర్మనెంట్ టోనర్, అంటే జుట్టు ఛాయను సరిదిద్ది, కొన్ని వారాల్లో కరిగిపోయే రంగు. షేడు పేరు మీద మ్యాట్ అని ఉంటుంది. అంకెను మాత్రం నమ్మకండి: ఒక కంపెనీలో .7 ఆకుపచ్చ అయితే, మరోదాంట్లో .2. ట్యూబు వెనక ఆధారపు రంగు చదవాలి. ముదురు కూడా మీ జుట్టుకు సమానంగా ఉండాలి. మరీ లేతదైతే ఎరుపు మీద ఆనదు.

48 గంటల ముందు చెవి వెనక చర్మం మీద అలర్జీ పరీక్ష చేశాను. తర్వాత చెవి వెనక పాయ ఒక్కదానికే పట్టించి, మూడేసి నిమిషాలకు టిష్యూతో తుడిచి చూశాను. ఆరో నిమిషానికి ఊదా పోయింది, తొమ్మిదికి బ్రౌన్ నిలిచింది. పదిహేను దాకా వదిలిన కొసలు మాత్రం బురద పచ్చగా మారాయి. కొసలు ఎండి ఉంటాయి కాబట్టి రంగును ఎక్కువ పీల్చుకుంటాయి. అందుకే మొత్తం తలకు వేసేటప్పుడు కుదుళ్లతో మొదలుపెట్టి, కొసలకు చివరి మూడు నిమిషాలే ఉంచాను.

ఆకుపచ్చ షాంపూ కూడా దొరుకుతుంది. కొద్దిపాటి ఎరుపుకైతే అది చాలు, ఇంత చిక్కటిదానికి చాలదు. టోనర్ తర్వాత దాన్నే వారానికోసారి వాడుతున్నాను. తలంటుకునేకొద్దీ ఆకుపచ్చ కరిగి, నాలుగైదు వారాలకు ఎరుపు మళ్లీ తొంగిచూస్తుంది.