బూస్టర్ పంపుకి వీఎఫ్‌డీ: ఐదేళ్ల వాడకం తర్వాత

సంపులోంచి నేరుగా అంతస్తులకు నీళ్లు పంపే బూస్టర్ పంపుకి వీఎఫ్‌డీ, అంటే అవసరాన్ని బట్టి మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్, పెట్టించి ఐదేళ్లు దాటింది. పది అంతస్తుల భవనం, 5.5 కిలోవాట్ల మోటారు. పంపుల బాధ్యత నాదే. డ్రైవ్ రాకముందే ప్యానెల్‌కి విడిగా మీటరు పెట్టించి, రోజూ రీడింగ్ రాసుకుంటూ వచ్చాను. ఆ పుస్తకమే లేకపోతే ఈ సమీక్ష రాసే ధైర్యం నాకు ఉండేది కాదు. ఎందుకంటే మొదటి మూడు నెలలు డ్రైవ్ మాకు దాదాపు ఏమీ మిగల్చలేదు, ఆ సంగతి చూస్తే ఎవరికీ తెలియదు కూడా. కుళాయిల్లో ధార బాగుంది, పంపు మెత్తగా తిరుగుతోంది, అందరూ సంతోషంగా ఉన్నారు.

అంతకుముందు ప్రెషర్ స్విచ్‌తో నడిచిన రోజుల్లో రోజుకి సగటున 41 యూనిట్లు కాలేవి. డ్రైవ్ పెట్టాక 39. అమ్మినవాళ్లు చెప్పిన లెక్క వేరు: వేగం సగానికి తగ్గితే కరెంటు ఎనిమిదో వంతుకి పడిపోతుందని. ఆ లెక్క అబద్ధం కాదు. గాలిని తిప్పే ఫ్యానుకీ, ఒకే ఎత్తులో గొట్టాల్లో నీళ్లు తిప్పే పంపుకీ అది బాగా దగ్గరగా వర్తిస్తుంది. మా పార్కింగ్ ఎగ్జాస్ట్ ఫ్యానుని 40 హెర్ట్జ్‌కి తగ్గిస్తే మోటారు తీసుకునే పవర్ సుమారు సగమైంది. కానీ నీళ్లని పైకి ఎత్తే పంపు ముందు ఆ ఎత్తుని గెలవాలి. గెలిచాకే ఒక్క చుక్కైనా కదులుతుంది.

మా పంపు లెక్కే చూడండి. డెలివరీ వాల్వ్ మూసి 50 హెర్ట్జ్‌లో తిప్పితే అది 64 మీటర్ల హెడ్ ఇస్తుంది, అంటే నీళ్లని అంత ఎత్తుకి నెట్టే ఒత్తిడి. డ్రైవ్ బిగించినవాళ్లు ప్రెషర్ 5.2 బార్ ఉండాలని పెట్టారు, అంటే సుమారు 52 మీటర్లు. హెడ్ వేగానికి వర్గంలో మారుతుంది కాబట్టి, ఎవరూ నీళ్లు వాడకపోయినా ఆ 52 మీటర్లు నిలబెట్టడానికి కావలసిన వేగం ఇది:

```
50 × √(52/64) ≈ 45 Hz
```

పంపు చేతిలో ఉన్నది 45 నుంచి 50 హెర్ట్జ్ వరకే. అంతకన్నా కిందికి అది దిగలేదు.

అసలు తప్పు ఇక్కడే దొరికింది. నీళ్ల వాడకం లేనప్పుడు పంపు ఆగిపోవడానికి డ్రైవ్‌లో స్లీప్ అనే ఏర్పాటు ఉంటుంది. దాన్ని 35 హెర్ట్జ్ దగ్గర పెట్టి వెళ్లారు: వేగం 35 కన్నా తగ్గితే నిద్రపో అని. 45 కన్నా కిందికి రాని పంపు 35కి ఎప్పుడు వస్తుంది? ఒక రాత్రి రెండింటికి పంపు గదికి వెళ్లి చూశాను. ఇంటింటా కుళాయిలు కట్టేసి ఉన్నాయి. డిస్‌ప్లేలో 45.1 హెర్ట్జ్, 2 కిలోవాట్లు. పంపు ఒళ్లు ముట్టుకుంటే వేడిగా ఉంది. లోపల ఉన్న కాసిన్ని నీళ్లనే చిలుకుతూ రాత్రంతా తిరుగుతోంది. రాత్రి ఐదు గంటల వ్యవధిలోనే పది యూనిట్లు అలా పోతున్నాయి.

సరిచేయడానికి లెక్కల మీద ఆధారపడలేదు, పంపునే అడిగాను. డెలివరీ వాల్వ్‌ని నెమ్మదిగా మూస్తూ డిస్‌ప్లే చూశాను. పూర్తిగా మూశాక వేగం 45 దగ్గర నిలిచింది. దానికి ఒకటిన్నర కలిపి స్లీప్‌ని 46.5 చేశాను, అర నిమిషం ఆగి నిద్రపొమ్మన్నాను, ప్రెషర్ అర బార్ పడ్డాక లేవమన్నాను. వాల్వ్ మూసి ఎక్కువసేపు నడపకండి, పంపులో నీళ్లు వేడెక్కుతాయి. ఈ పని ఒక నిమిషంలో అయిపోతుంది. మర్నాటి నుంచి రోజుకి 28 యూనిట్లు.

తర్వాత 5.2 బార్ నిజంగా కావాలా అని చూశాను. పొద్దున వాడకం ఎక్కువగా ఉన్న వేళ పై అంతస్తు కుళాయికి గేజ్ పెట్టి, కింద డ్రైవ్‌లో ప్రెషర్ సెట్టింగ్‌ని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చాం. పై కుళాయి పంపుకి 30 మీటర్ల ఎత్తులో ఉంది. 4.5 బార్ దగ్గర కూడా అక్కడ ధార సరిపోయింది. వాడకం 25 యూనిట్లకి దిగింది. అయితే స్లీప్ అంకెని మార్చడం మర్చిపోయాను. 4.5 బార్‌కి నీళ్లు వాడని వేగం 42 హెర్ట్జ్. స్లీప్ ఇంకా 46.5లోనే ఉంది. దాంతో ఎవరో స్నానం చేస్తుండగానే పంపు నిద్రపోయి, ప్రెషర్ పడి, మళ్లీ లేచి, మళ్లీ నిద్రపోయేది. 43.5 చేశాక కుదుటపడింది. ప్రెషర్ సెట్టింగ్ ముట్టుకున్న ప్రతిసారీ స్లీప్‌ని మళ్లీ కొలవాలి. ఈ రెండూ జంట.

నిమిషానికోసారి లేచి పడుకుంటుంటే మాత్రం సెట్టింగుల జోలికి పోకండి, ముందు డెలివరీ వాల్వ్ కట్టేసి గేజ్ చూడండి. అప్పుడూ ప్రెషర్ పడుతుంటే నాన్ రిటర్న్ వాల్వ్ వెనక్కి కారుతోంది. నిలబడితే కారేది పైన, చాలావరకు ఫ్లష్ ట్యాంకుల్లో. పంపు ఆగినప్పుడు ప్రెషర్ నిలబెట్టే డయాఫ్రమ్ ట్యాంకులో గాలి పోయినా ఇలాగే ఉంటుంది, కాకపోతే అప్పుడు ఒక్క మగ్గు నీళ్లు తీసినా ప్రెషర్ ధబాల్న పడుతుంది. మాది 100 లీటర్ల ట్యాంకు. నీళ్లు ఖాళీ చేసి చూసినప్పుడు గాలి 3.7 బార్ ఉండాలి. పంపు లేవకుండా అది ఇచ్చేది సుమారు 8 లీటర్లే, రాత్రి వేళ ఆ ఎనిమిదే చాలా మేలు చేస్తాయి.

ప్రెషర్ కొలిచి డ్రైవ్‌కి చెప్పే ట్రాన్స్‌మిటర్ తీగ కూడా ఒకసారి ఇబ్బంది పెట్టింది. 4 నుంచి 20 మిల్లీ యాంప్స్ ఇచ్చే ఆ తీగ టెర్మినల్‌లో వదులైంది. డ్రైవ్ ప్రెషర్ సున్నా అనుకుని పంపుని 50 హెర్ట్జ్‌కి తీసుకెళ్లి అక్కడే ఉంచింది. కింది అంతస్తుల్లో ఫ్లోట్ వాల్వులు కారడంతో తెలిసింది. సిగ్నల్ 4 కన్నా తగ్గితే ఆగిపోవాలనే రక్షణ డ్రైవ్‌లో ఉంది, కానీ దాన్ని ఎవరూ ఆన్ చేయలేదు. మోటారు నేమ్‌ప్లేట్ కరెంటు కూడా ఎక్కించలేదు. డ్రైవ్ 7.5 కిలోవాట్లది కావడంతో దానిలో ముందే ఉన్న పెద్ద అంకె అలాగే ఉంది, అంటే మోటారు మీద ఓవర్‌లోడ్ పడినా డ్రైవ్ ఆపేది కాదు.

పార్కింగ్ ఫ్యాను దగ్గర వచ్చిన తంటా ఒక్కటే. ఆపినప్పుడల్లా ఓవర్ వోల్టేజ్ ట్రిప్. ఆగే సమయం ఐదు సెకన్లు పెట్టారు. బరువైన ఫ్యాను అంత త్వరగా ఆగదు, మోటారుని జనరేటరులా తిప్పి కరెంటుని డ్రైవ్‌లోకి వెనక్కి తోస్తుంది. అరవై సెకన్లు చేశాక ఆ ట్రిప్ మళ్లీ రాలేదు.

ఐదేళ్లలో డ్రైవ్‌లో మార్చింది చల్లబరిచే చిన్న ఫ్యాను ఒక్కటే, నాలుగో ఏట. ఇంత చెప్పాక కూడా, మీ పంపు పైన ఉన్న ట్యాంకు నింపడానికే అయితే నేను వీఎఫ్‌డీ వద్దనే అంటాను. అక్కడ వేగం తగ్గిస్తే ట్యాంకు నిండడానికి ఎక్కువసేపు పడుతుంది, ఎత్తు మాత్రం తగ్గదు, లీటరుకి అయ్యే కరెంటులో పెద్ద తేడా రాదు. ఆ డబ్బుతో ఎత్తుకి సరిపోయే పంపు ఎంచుకోవడం మేలు.