వన్‌వేనా, రానూపోనూ టికెట్టా: ఏది మేలు?

వెళ్లడమే తప్ప తిరిగొచ్చే పని లేదు కాబట్టి సగం ధరకే విమాన టికెట్ వస్తుందనుకుంటాం. సైట్ తెరిచి చూస్తే రానూపోనూ 100 ఉన్నచోట వన్‌వే 90 ఉంటుంది. ఒక్కోసారి 110 కూడా! ఇదేమీ సైట్ పొరపాటు కాదు.

దూరపు అంతర్జాతీయ మార్గాల్లో పెద్ద ఎయిర్‌లైన్లు సీటు ధరను దూరం చూసి కాదు, కొనేవాళ్లను చూసి పెడతాయి. సెలవులకు వెళ్లేవాళ్లు ధర ఎక్కువైతే ప్రయాణమే మానుకుంటారు. ఆఫీసు పని మీద వెళ్లేవాళ్లు మానుకోరు, డబ్బు కంపెనీది కదా. ఈ ఇద్దరినీ వేరు చేయడానికి చౌక టికెట్‌కు షరతులు తగిలిస్తారు: అక్కడ కనీసం ఇన్ని రోజులుండాలి, లేదా ఒక శనివారం రాత్రయినా గడపాలి. తిరుగు తేదీ లేని వన్‌వేకి ఈ షరతు ఎలా పెడతారు? అందుకే చాలా మార్గాల్లో చౌక ఛార్జీలు రానూపోనూకే ఉంటాయి, వన్‌వే అడిగినవాళ్లకు ఖరీదైనవే మిగులుతాయి. బడ్జెట్ ఎయిర్‌లైన్లు మాత్రం ఒక్కో వైపు విడిగా అమ్ముతాయి. అవి పోటీకి వచ్చిన మార్గంలో ఈ గొడవ పెద్దగా ఉండదు.

ఉద్యోగానికి వెళ్తున్న ఒకరిని తీసుకుందాం. ఎనిమిది నెలల తర్వాత సెలవుకు రావచ్చు, రాకపోవచ్చు. వన్‌వే 90, రానూపోనూ 100, తేదీ మార్చుకునే వీలున్న రానూపోనూ 115. నేనైతే 115కే వెళ్తాను, ఎందుకంటే తర్వాత తిరుగు టికెట్ విడిగా కొంటే మళ్లీ 90 దాకా అవుతుంది. కానీ కొనేముందు ఒకటి చూడాలి. ఛార్జీ నిబంధనల్లో గరిష్ఠ బస అని ఉంటుంది. అది మూడు నెలలే అయితే తేదీ మార్చుకునే వీలున్నా ఎనిమిదో నెలలో పనికిరాదు. పన్నెండు నెలలుంటే సరే.

కొన్నిచోట్ల రానూపోనూ టికెట్టే వన్‌వే కన్నా తక్కువకు దొరుకుతుంది. అప్పుడు అది కొని తిరుగు ప్రయాణం వదిలేసేవాళ్లున్నారు. టికెట్‌లోని ప్రయాణాలను వరుసగానే వాడాలి కాబట్టి వదిలేస్తే చివరిదే వదలాలి. మొదటిది ఎక్కకపోతే మిగతావి రద్దయిపోతాయి. పైగా ఇలా కావాలని వదిలేయడాన్ని చాలా ఎయిర్‌లైన్ల నిబంధనలు ఒప్పుకోవు. తేడా డబ్బు అడగవచ్చు, తరచూ ఎక్కేవాళ్లకు పాయింట్లలా ఇచ్చే మైళ్లు తీసేయవచ్చు. పదే పదే చేసేవాళ్లకే ఎక్కువ టెన్షన్.

మైళ్లు పోగై ఉంటే వాటితోనే వెళ్లడం హాయి. చాలా పథకాల్లో వన్‌వేకి పట్టే మైళ్లు రానూపోనూలో సగమే. ఇక విజిటర్ వీసా మీద వన్‌వేలో వెళ్తే చెక్ఇన్ దగ్గరే తిరుగు టికెట్ చూపించమనవచ్చు. అక్కడికక్కడ కొనాల్సొస్తే వన్‌వేలో మిగిలిందనుకున్న ఆ 10 ఎటో పోతుంది.