“కొలెస్ట్రాల్ ఫ్రీ” అని ఉందని నూనె కొంటున్నారా? ప్యాకెట్ వెనక్కి తిప్పండి

గుండెకి మంచిదని చెప్పి కిరాణా కొట్లలో అంటగడుతున్న ఒక రకం వంటనూనె గురించి ఈ హెచ్చరిక. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ కథ కాదు. ఇదే బొమ్మతో, ఇదే మాటతో అరలో నాలుగైదు రకాలు కనిపిస్తాయి.

మా చిన్నమ్మ వాళ్లది ఆదిలాబాద్. మొన్నటి రక్తపరీక్షలో చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, ఎక్కువుందని డాక్టర్ చెప్పారు. కొట్టుకి వెళ్లి ఆ మాట చెప్తే, “అక్కా, గిది తీస్కపో, దీంట్ల కొలెస్ట్రాలే ఉండదు” అని ఒక ప్యాకెట్ చేతిలో పెట్టాడట. ముందువైపు పెద్ద పొద్దుతిరుగుడు పువ్వు, పక్కన ఎర్రటి గుండె బొమ్మ, దాని కింద “కొలెస్ట్రాల్ ఫ్రీ”. పక్కనే ఉన్న మామూలు పామాయిల్ ప్యాకెట్ కంటే పాతిక రూపాయలు ఎక్కువ. చలి ముదిరాక ఒక పొద్దున ఆ నూనె అడుగున తెల్లగా పలుకులు కట్టి, పైన చిక్కబడి ఉంది. కల్తీ జరిగిందేమోనని చిన్నమ్మ భయపడి ఫోన్ చేసింది. నేను వెళ్లినప్పుడు ప్యాకెట్ తిప్పి చూస్తే కల్తీ ఏమీ లేదు, ఏ నూనె ఎంతో రాసే ఉంది. కాకపోతే చీమ తలకాయంత అక్షరాల్లో: పామోలిన్ 80 శాతం, సన్‌ఫ్లవర్ 20 శాతం. పామోలిన్ అంటే పామాయిల్‌లో ఒక రకమే. అది ఎక్కువగా ఉన్న నూనె చలికి గడ్డకట్టడం మామూలే.

ముందు ఆ “ఫ్రీ” సంగతి చూద్దాం. కొలెస్ట్రాల్‌ని తయారుచేసేది జంతువుల శరీరం. నెయ్యి, వెన్న, మాంసం, గుడ్డు పచ్చసొనలో ఉంటుంది. గింజల నుంచీ పండ్ల నుంచీ తీసిన నూనెలో లెక్కలోకి వచ్చేంత కొలెస్ట్రాల్ ఎప్పుడూ లేదు. వేరుశనగ, నువ్వులు, కుసుమ, తవుడు, కొబ్బరి, పామ్, ఏ నూనె తీసుకున్నా అంతే. గానుగలో ఆడించి సీసాలో పోసిచ్చే నూనెలోనూ ఉండదు. మునక్కాడల మీద “ఎముకలు లేనివి” అని చీటీ అంటించి పాతిక రూపాయలు ఎక్కువ తీసుకున్నట్టుంది ఈ వ్యవహారం.

అబద్ధం కాదుగా, పోనీ అనుకోవచ్చు. కానీ ఆ మాట మన చూపుని చూడాల్సిన చోటి నుంచి పక్కకి లాగుతుంది. రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన లివరే తయారుచేస్తుంది. రక్తంలోని ఎల్‌డీఎల్‌ని పట్టి లోపలికి లాక్కునే పని కూడా లివర్‌దే. సంతృప్త కొవ్వు, అంటే ప్యాకెట్ మీద శాచురేటెడ్ ఫ్యాట్ అని రాసేది, ఎక్కువ తింటే లివర్ ఆ పనిలో మందగిస్తుంది. దాంతో ఎల్‌డీఎల్ రక్తంలోనే మిగిలిపోతుంది. అంటే నూనెలో కొలెస్ట్రాల్ సున్నా ఉన్నా, అది తిన్న మనిషి రక్తంలో పెరగొచ్చు.

దీనికి వనస్పతి కంటే పెద్ద సాక్ష్యం లేదు. అదీ మొక్కల నూనెతో చేసిందే, అందులోనూ కొలెస్ట్రాల్ లేదు. కానీ నూనెని గట్టిపరిచే క్రమంలో పుట్టే ట్రాన్స్ ఫ్యాట్ చెడు కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది, మంచిదాన్ని తగ్గిస్తుంది. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదన్న నిబంధన 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అంతకుముందు దశాబ్దాల పాటు హల్వాలూ పఫ్‌లూ ఈ కొలెస్ట్రాల్ లేని కొవ్వుతోనే తయారయ్యాయి.

ఇక చిన్నమ్మ ప్యాకెట్ లెక్క. వెనక పట్టికలో 100 గ్రాములకి శాచురేటెడ్ ఫ్యాట్ 37 గ్రాములు అని ఉంది. వాళ్లింట్లో నలుగురికి నెలకి మూడు లీటర్లు అవుతుంది. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి మనిషికి రోజుకి దాదాపు 23 గ్రాముల నూనె. అందులో సంతృప్త కొవ్వు ఎనిమిదిన్నర గ్రాములు. అదే మోతాదులో మామూలు సన్‌ఫ్లవర్ వాడితే రెండున్నర గ్రాములే, వేరుశనగ అయితే నాలుగు గ్రాముల చిల్లర. రోజుకి 2000 కేలరీలు తినేవాళ్లకి సంతృప్త కొవ్వు మొత్తం 22 గ్రాముల లోపే ఉండాలంటారు. పాలు, పెరుగు, మాంసం, బిస్కెట్లు అన్నీ కలిపి ఆ 22లోనే సర్దుకోవాలి. ఎల్‌డీఎల్ ఎక్కువున్న మనిషికి గుండె బొమ్మ చూపించి అమ్మిన నూనె ఒక్కటే అందులో మూడో వంతుకి పైగా తినేసింది.

ఒక్కోసారి పట్టిక చదివినా మోసపోతాం. 100 గ్రాముల గడి పక్కనే “ఒక సర్వింగ్” అని 10 గ్రాముల గడి ఉంటుంది. అక్కడ చూస్తే 3.7 గ్రాములే అనిపిస్తుంది. రెండు నూనెలు పోల్చేటప్పుడు రెండింటిలోనూ 100 గ్రాముల గడే చూడండి. సన్‌ఫ్లవర్‌కి దాదాపు 11, నువ్వుల నూనెకి 15, వేరుశనగకి 18 చుట్టుపక్కల, తవుడు నూనెకి 20 పైన, పామోలిన్‌కి 43 దరిదాపుల్లో, కొబ్బరి నూనెకి 90 దగ్గర కనిపిస్తుంది. బ్రాండ్‌ని బట్టి కాస్త అటూ ఇటూ. ముందువైపు ఏ పువ్వు బొమ్మ ఉన్నా సరే, “మల్టీ సోర్స్” అనో “బ్లెండెడ్” అనో కనిపిస్తే ఏ నూనె ఎంత శాతమో వెతకండి. అది రాయడం తప్పనిసరి.

పామాయిల్ విషమని నేననడం లేదు. చవక, వేపుళ్లకి తట్టుకుంటుంది, ఎంతోమందికి అందుబాటులో ఉన్నది అదే. పామాయిల్ అని తెలిసి పామాయిల్ ధరకి కొనుక్కోవడంలో తప్పు లేదు. గుండె జబ్బు భయం ఉన్నవాళ్లకి దాన్నే మందులా అమ్మడం మీదే నా కోపం.

ఇంకో నష్టం కూడా చిన్నమ్మ ఇంట్లోనే చూశాను. “దీంట్ల కొలెస్ట్రాలే లేదంట గద, ఏమైతది” అని ఆపేసిన మిర్చి బజ్జీలు, సకినాలు మళ్లీ మొదలయ్యాయి. మూడు లీటర్ల ఇల్లు కాస్తా నాలుగో ప్యాకెట్ తెప్పించింది. ఏ నూనె అయినా గ్రాముకి 9 కేలరీలే, అందులో ఫ్రీ ఏమీ ఉండదు.

నిబంధనలు లేక కాదు. “యాంటీ కొలెస్ట్రాల్”, “కొలెస్ట్రాల్ ఫైటర్”, “కొలెస్ట్రాల్ ఫ్రెండ్లీ”, “సూదింగ్ టు హార్ట్”, “డబుల్ రిఫైన్డ్” లాంటి మాటలు వంటనూనె ప్యాకెట్ మీదా ప్రకటనలోనూ వాడకూడదని ఆహార భద్రతా నిబంధనల్లోనే పేర్లు పెట్టి మరీ రాశారు. మీ ప్యాకెట్ మీద ఇలాంటివి కనిపిస్తే పారేయకండి. ముందువైపు, వెనకవైపు, బ్యాచ్ నంబరు, 14 అంకెల లైసెన్స్ నంబరు కనిపించేలా ఫొటోలు తీసి, బిల్లు జతచేసి ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి ఫిర్యాదు చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. బిల్లు లేకుండా కొనే అలవాటుంటే ఈసారి అడిగి తీసుకోండి. చిన్నమ్మ దగ్గర అదే లేదు, కొట్టువాడు ఇప్పుడు ఆ ప్యాకెట్ తను అమ్మలేదంటున్నాడు.