సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు జాగ్రత్త: మ్యాప్ లింక్ పంపాడని వెళ్ళిపోకండి, అది ఎక్కడికి పోతుందో ముందు చూడండి

పాత కెమెరా లెన్స్ కోసం ఒకతనితో బేరం కుదిరింది. లైబ్రరీ మెయిన్ గేట్ దగ్గర కలుద్దాం అన్నాడు, జనం ఉండే చోటే కదా అని సరే అన్నాను. తర్వాత ఒక పొట్టి లింక్ పంపాడు, కింద ప్రివ్యూ కార్డులో లైబ్రరీ పేరు, చిన్న మ్యాప్ బొమ్మ, అంతా పద్ధతిగానే ఉంది.

ఇక్కడే చాలామంది నమ్మేస్తారు. వాట్సాప్ లాంటి వాటిల్లో ఆ కార్డు తయారయ్యేది పంపినవాడి ఫోన్లో, మన ఫోన్లో కాదు. అంటే అది వాడు చూపించినదే, మనం చెక్ చేసుకున్నది కాదు, కార్డు చూసి లొకేషన్ కరెక్టే అనుకోవడానికి లేదు.

సరే, లింక్ మీద నొక్కకుండా కాసేపు పట్టి ఉంచి కాపీ చేసి, కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టాను (చివర్లో వాడు పంపిన లింక్ పెట్టుకోవాలి):

```
curl -sI "https://..."
```

ఇది పేజీని తెరవదు, ఎక్కడికి పంపిస్తుందో మాత్రం `location:` అనే లైన్లో చెప్తుంది. అక్కడ మళ్ళీ ఇంకో పొట్టి లింకే వస్తే దాన్నీ ఇలాగే చూడాలి, అసలు అడ్రస్ వచ్చేదాకా. కంప్యూటర్ లేకపోతే `bit.ly` లింక్ అయితే చివర `+` పెట్టి తెరిస్తే గమ్యం చూపించే పేజీ వస్తుంది. `maps.app.goo.gl` అని ఉంటే అది గూగుల్ మ్యాప్స్ షేర్ లింకే, దాన్ని యాప్‌లో కాకుండా బ్రౌజర్లో ఇన్‌కాగ్నిటోలో పేస్ట్ చేస్తే పైన అడ్రస్ బార్లో పొడుగు లింక్ కనపడుతుంది.

నాకొచ్చిన పొడుగు లింక్ ఈ టైపులో ఉంది, అంకెలు మార్చి రాస్తున్నా:

```
https://www.google.com/maps/place/Library/@12.3456,65.4321,17z/data=...!3d12.3816!4d65.4321
```

మొదట డొమైన్ చూడండి. `https://` తర్వాత మొదటి స్లాష్ వచ్చేదాకా ఉన్న ముక్క ఏంటి, అది ఎలా ముగుస్తోంది అనేదే ముఖ్యం. `google.com` ముందు ఉండి దాని వెనకాల ఇంకో పేరు ఉంటే అది గూగుల్ కాదు. అలాంటి పేజీ లొకేషన్ చూడ్డానికి లాగిన్ అవ్వమన్నా, ఏదైనా యాప్ ఇన్‌స్టాల్ చేసుకోమన్నా అక్కడే మూసేయండి, మ్యాప్‌లో ఒక చోటు చూడ్డానికి ఇవేవీ అక్కర్లేదు.

నా కేసులో డొమైన్ నిజమైనదే, తేడా లోపల ఉంది. `/place/` తర్వాత కనిపించే పేరుని నమ్మకండి, లింక్‌ని కుదించే ముందు ఎవరైనా ఆ అక్షరాలు మార్చి టైప్ చేసుకోవచ్చు. `@` తర్వాత ఉన్న అంకెలు కూడా పిన్ కాదు, స్క్రీన్ మధ్యలో మ్యాప్ ఎక్కడుందో అది అంతే, మ్యాప్‌ని పక్కకి జరిపితే అవీ మారిపోతాయి. పిన్ ఉండేది `!3d`, `!4d` తర్వాత. పైదాంట్లో మొదటి అంకెలో తేడా చూడండి, 12.3456 ఒకటి, 12.3816 ఒకటి, అంటే 0.036 డిగ్రీలు. ఉత్తర దక్షిణాల్లో ఒక డిగ్రీ దాదాపు 111 కిలోమీటర్లు కాబట్టి ఇది 4 కిలోమీటర్లు! గేటు ఇటా అటా అనే తేడా అయితే మూడో నాలుగో దశాంశంలో ఉండేది, 0.001 అంటే 110 మీటర్లే.

`!3d`, `!4d` తర్వాత ఉన్న అంకెలు రెండూ (కామా పెట్టి) నా మ్యాప్ యాప్‌లో వేసి శాటిలైట్ వ్యూలో చూస్తే లైబ్రరీ లేదు సరికదా, గోడౌన్ల వెనకాల లోపలికి పోయే సందు, చివర మూసుకుపోయింది.

పిన్ పొరపాటున పక్కన పడటం మామూలే, వేలు తగిలినా జరుగుతుంది, కాబట్టి వెంటనే దొంగ అనేయలేదు. లైబ్రరీ పేరు నేనే సెర్చ్ చేసి గేటు మీద పిన్ పెట్టి పంపి "ఇక్కడేనా అండీ?" అని అడిగా. నిజంగా పొరపాటైతే అవునండి అనేస్తే అయిపోయేది. ఇతనేమో ఆ గేటు మూసేశారు, మీరు నా లింక్ పెట్టుకుని వచ్చేయండి, దగ్గరికొచ్చాక ఫోన్ చేయండి అని ఒకటే పాట. మూసేస్తే లోపల రిసెప్షన్ దగ్గర కలుద్దాం అన్నా, అంతే, మెసేజ్‌లన్నీ డిలీట్ చేసి బ్లాక్ చేశాడు.

ఇంకొకటి, కొన్ని షార్ట్‌నర్లలో పంపినవాడు తర్వాత గమ్యం మార్చుకోవచ్చు. నిన్న చెక్ చేసిన లింకే ఇవాళ వేరే చోటికి పోవచ్చు. అందుకే బయల్దేరేటప్పుడు వాడి లింక్ నొక్కి డైరెక్షన్స్ పెట్టుకోకండి, మీరు సెర్చ్ చేసి సేవ్ చేసుకున్న పిన్‌కే పెట్టుకోండి. పిన్ సరిగ్గా ఉన్నంత మాత్రాన మనిషి మంచోడని కాదు, ఆ చెకింగ్ వేరే.

వాడి ప్రకటన ఇంకా ఉంది, రిపోర్ట్ కొట్టాను. లెన్స్ కోసం లైబ్రరీ గేటు దగ్గరికి రమ్మని లింక్ ఇంకెవరికైనా వస్తే వెళ్ళకుండా కింద కామెంట్లో చెప్పండి.