కొత్త సీఎన్‌సీ లేత్ ఆపరేటర్‌కి ఆఫ్‌సెట్ నేర్పడం: పక్కన నిలబెట్టడమా, నాలుగు మెట్లా?

బయటి డయా 25.00 రావాల్సింది 25.04 వచ్చింది. టూల్ అరుగుదలను సరిదిద్దే వేర్ ఆఫ్‌సెట్‌లో X విలువకు -0.04 కలపాలి.

సీనియర్ పక్కన నిలబెట్టి చూడమంటే: సీనియర్ పని ఆగదు, అదనపు ఖర్చు దాదాపు ఉండదు. కానీ కొత్తవాడికి కనిపించేది వేళ్ల కదలికే. "మైనస్ కొట్టాలి" అని గుర్తుపెట్టుకుంటాడు. రేపు 25.00 రావాల్సిన లోపలి బోరు 24.96 వస్తే అక్కడా మైనస్ కొడతాడు, రంధ్రం 24.92కి తగ్గుతుంది. అక్కడ కావాల్సింది ప్లస్.

నాలుగు మెట్లలో, అంటే చెప్పి, చూపి, చేయించి, సరిచూస్తే: మెషీన్ కాసేపు ఆగుతుంది, ఒకటి రెండు ముక్కలు పోవచ్చు. అయితే చెప్పే మెట్టులోనే "X పెరిగితే డయా పెరుగుతుంది" అన్న కారణం అందుతుంది. చేయించేటప్పుడు INPUT నొక్కకముందే గుర్తు, దశాంశ బిందువు పైకి చదివించండి; మీ చేతులు ప్యానెల్ మీద పెట్టకండి. సరిచూసేటప్పుడు "అర్థమైందా?" అనడం దండగ. బోరు కొలత ఇచ్చి విలువ అడగండి.

ముక్కలు ఎక్కించి దించడమే పనైతే మొదటి పద్ధతి చాలు, గార్డు, ఎమర్జెన్సీ స్టాప్ మాత్రం చేయించి చూడాలి. ఆఫ్‌సెట్ ముట్టుకునేవాడికైతే రెండోదే.