"మీ కార్డు వివరాలు మా వద్ద నిల్వ ఉండవు" అని మెయిలు వచ్చిందా? ముందు కార్డు బ్లాక్ చేయించండి

దుకాణం పేరు రాయడం లేదు. అక్కడ కొన్నవారికి ఏ దుకాణమో, ఏ మెయిలో ఈపాటికే అర్థమై ఉంటుంది. చిన్న ఆన్‌లైన్ దుకాణం, సరుకు మంచిదే, అంతకుముందు మూడుసార్లు కొన్నాను, నాలుగోసారి ఒక గడియారం పట్టీ కొన్నాను. ఆ పట్టీ ఇప్పుడు నా చేతికే ఉంది, టైము చూసుకున్న ప్రతిసారీ ఒళ్లు మండుతోంది.

పట్టీ చేతికి వచ్చిన మూడు వారాలకు మొదటి మెయిలు వచ్చింది. "మా వెబ్‌సైటులో అనధికారికమైన మార్పు ఒకటి జరిగినట్లు గుర్తించి, దానిని వెంటనే తొలగించాము. కొందరు వినియోగదారుల పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు ఇతరులకు చేరి ఉండే అవకాశం ఉంది. మీ కార్డు వివరాలు మా వద్ద నిల్వ ఉండవు. ముందుజాగ్రత్తగా మీ పాస్‌వర్డును మార్చుకోవలసిందిగా కోరుతున్నాము." చదవగానే, చిన్నవాళ్లయినా దాచకుండా చెప్పారని మెచ్చుకున్నాను కూడా. వెంటనే పాస్‌వర్డు మార్చాను. అంతటితో ఆగకుండా, ఖాతాలో సేవ్ అయి ఉన్న కార్డును కూడా తొలగించి, చేయవలసినదంతా చేశానన్న తృప్తితో పడుకున్నాను.

తొమ్మిది రోజుల తరువాత, నేను పేరు కూడా వినని ఒక సైటులో నా కార్డు మీద అతి చిన్న మొత్తం ఖర్చయినట్లు మెసేజ్ వచ్చింది. ఎప్పుడో పెట్టుకున్న ఏదో యాప్ చందా అయి ఉంటుందనుకుని పట్టించుకోలేదు. మరునాడు తెల్లవారుజామున, పావుగంట తేడాలో రెండు పెద్ద మొత్తాలు పోయాయి. రెండింటికీ ఓటీపీ రాలేదు, ఎందుకంటే ఓటీపీ అడగని సైట్లలోనే వాడారు. ఆ చిన్న మొత్తం కార్డు పనిచేస్తోందో లేదో దొంగ చూసుకునే పరీక్ష అని బ్యాంకువారు చెప్పాక తెలిసింది. ఆ మెసేజ్ చూసిన నిమిషంలోనే కార్డు ఆపించి ఉంటే మిగతా రెండూ పోయేవి కావు. అది నా తప్పే, ఒప్పుకుంటాను.

అది జరిగిన నాలుగు రోజులకు రెండో మెయిలు వచ్చింది. సబ్జెక్టు "మా సేవల భద్రతలో మెరుగుదలలు". ప్రచార మెయిలనుకుని దాదాపు తీసిపారేయబోయాను. నాలుగు పేరాల పాటు వారు చేపట్టిన మెరుగుదలలన్నీ చదివాక, ఐదో పేరాలో, 38 రోజుల పాటు డబ్బు చెల్లించే చెక్అవుట్ పేజీలో టైపు చేసిన కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ "కూడా ప్రభావితమై ఉండవచ్చు" అన్న వాక్యం ఉంది. నా ఆర్డరు ఆ 38 రోజుల లోపలిదే.

ఫోను చేశాను. కార్డు వివరాలు భద్రంగా ఉన్నాయని మొదటి మెయిలులో ఎలా రాశారని అడిగితే, ఆ ఉద్యోగి ఎంతో మర్యాదగా, "భద్రంగా ఉన్నాయని మేము ఎక్కడా రాయలేదండీ, మా వద్ద నిల్వ ఉండవని రాశాం, అది నిజమే కదండీ" అన్నారు. వారు చెప్పిన ఆ అనధికారికమైన మార్పు ఒక స్క్రిప్టు, అంటే పేజీలో ఎవరో చొప్పించిన చిన్న ప్రోగ్రాము, మొదటి మెయిలు పంపేనాటికే అది చెక్అవుట్ పేజీలో దొరికిందని మీకు తెలుసా అని అడిగాను. తెలుసట. అయినా కార్డుల సంగతి ఎందుకు చెప్పలేదంటే, "అందరినీ అనవసరంగా కంగారు పెట్టడం ఎందుకని" అనుకున్నారట. పోయిన డబ్బుకంటే ఈ మాటే నన్ను ఎక్కువగా కాలుస్తోంది. నేను కంగారు పడకూడదని వారు దాచిన ఆ రోజుల్లోనే దొంగ ఏ కంగారూ లేకుండా నా కార్డును పరీక్షించుకున్నాడు.

ఆ వాక్యం ఎంత నిజమో, ఎంత మోసమో కోపం కాస్త తగ్గాక కూర్చుని తెలుసుకున్నాను. చిన్న దుకాణాలు మామూలుగా కార్డు నంబరును తమ వద్ద ఉంచుకోవు. నంబరు చెల్లింపును నడిపే పేమెంట్ గేట్‌వే కంపెనీ వద్ద ఉంటుంది, దుకాణానికి దాని బదులు టోకెన్ అనే ఒక మారు సంకేతం, చివరి నాలుగు అంకెలు మాత్రమే అందుతాయి. లావాదేవీకి అనుమతి వచ్చాక సీవీవీని ఎవరూ దాచి ఉంచుకోకూడదని కార్డు పరిశ్రమ పెట్టుకున్న పీసీఐ డీఎస్ఎస్ నిబంధనలే చెబుతాయి. కాబట్టి దుకాణం డేటాబేసు మొత్తం ఎత్తుకుపోయినా నా సీవీవీ అందులో ఉండకూడదు. మరి నోటీసులో సీవీవీ పేరు కనబడిందంటే, నిబంధన మీరి దాచి ఉంచుకున్నవారైనా అయి ఉండాలి, లేదా మనం టైపు చేస్తుండగానే ఎవరో ఎత్తుకుని ఉండాలి. ఇక్కడ జరిగింది రెండోది. చెక్అవుట్ పేజీలో ఎవరో చొప్పించిన చిన్న స్క్రిప్టు, గళ్లలో మనం వేసే ప్రతి అంకెనూ చదివి, అసలు చెల్లింపును ఆపకుండానే, తన సర్వరుకు ఒక నకలు పంపుకుంది. నిల్వ అన్న ప్రశ్నే ఇక్కడ తలెత్తదు. ఇంట్లో బీరువా లేదు కనుక దొంగతనం జరగలేదని చెప్పినట్టుంది వారి వాదన, వీధి గుమ్మంలోనే జేబు కొట్టినప్పుడు బీరువా సంగతి ఎవరికి కావాలి?

ఇది చిన్న దుకాణాలకే వచ్చే తెగులు కాదు. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైటులో ఇదే తరహా స్క్రిప్టు రెండు వారాలకు పైగా కార్డు వివరాలను లాగింది. ఆ వ్యవహారంలో బ్రిటన్ సమాచార కమిషనరు కార్యాలయం 2020లో రెండు కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. అంత పెద్ద సంస్థ పేజీలోనే కనిపెట్టలేకపోయిన దానిని మనం కంటితో పట్టగలమని నేను అనను. అడ్రసు పట్టీలోని తాళం గుర్తు కూడా ఇక్కడ ఎందుకూ పనికిరాదు. అది మన బ్రౌజరుకూ దుకాణానికీ నడుమ దారిలో ఎవరూ చదవడం లేదని మాత్రమే చెబుతుంది, పేజీలోనే కూర్చున్నవాడి గురించి దానికేమీ తెలియదు.

అయితే నా విషయంలో ఒక సూచన నా కళ్ల ముందే కనబడింది, దానిని నేనే వదిలేశాను. అంతకుముందు మూడుసార్లూ "చెల్లించండి" అని నొక్కగానే పేమెంటు కంపెనీ పేజీకి వెళ్లి, అక్కడ కార్డు వివరాలు ఇచ్చేదాన్ని, అడ్రసు పట్టీలో పేరు మారడం కూడా కనబడేది. నాలుగోసారి మాత్రం దుకాణం పేజీలోనే కార్డు గళ్లు వచ్చాయి. నింపాను. "చెల్లింపు విఫలమైంది, మళ్లీ ప్రయత్నించండి" అని ఎర్రని అక్షరాలు కనబడ్డాయి. ఆ వెంటనే ఎప్పటి పేమెంటు కంపెనీ పేజీ తెరుచుకుంటే, నెట్ సరిగా లేదేమో అనుకుని, పదహారు అంకెలూ మళ్లీ ఓపిగ్గా కొట్టాను. మొదటిసారి నింపిన గళ్లు దొంగవి, రెండోసారి నింపినవి అసలైనవి. ఒకే కొనుగోలుకు కార్డు నంబరు రెండుసార్లు, రెండు వేర్వేరు పేజీల్లో అడిగారంటే ఇదే మోసమేమోనని అనుమానించాలని ఇప్పుడు తెలిసింది. దుకాణంవారు పేజీ మార్చి ఉంటారనుకున్న నా బుద్ధికి ఏం చెప్పుకోను?

మొదటి మెయిలు చదివి నేను చేసిన ఘనకార్యాలను ఇప్పుడు తలచుకుంటే నవ్వు వస్తుంది. ఖాతాలో సేవ్ అయి ఉన్న కార్డు అంటే దుకాణం వైపు ఆ టోకెనే, బయట మరెక్కడా చెల్లదు, దొంగకు దానితో పని లేదు. అంటే దొంగకు పనికిరానిదానిని శ్రద్ధగా తుడిచేసి, దొంగ చేతిలో ఉన్న అసలు నంబరును తొమ్మిది రోజులు ప్రాణంతో ఉంచాను. పాస్‌వర్డు మార్పు కూడా అంతే. అదే పాస్‌వర్డును మెయిలుకో మరో ఖాతాకో వాడి ఉంటే, అక్కడ మార్చడం అవసరమే, కాదనను. కానీ దుకాణంలో పాస్‌వర్డు మారిస్తే కార్డు నంబరు మారదు. మారవలసినది కార్డు నంబరే. అది బ్యాంకు ఒక్కటే మార్చగలదు.

కనుక ఇలాంటి నోటీసు మీకు వస్తే, అందులో ఏమి లేదో ముందు చూడండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది ఉందా, మార్పు సైటులో ఏ పేజీలో జరిగిందో ఉందా, కార్డు వివరాలు "టైపు చేసినప్పుడు" కూడా చేజిక్కలేదని స్పష్టంగా రాశారా? మూడింటిలో ఏది లేకపోయినా, ఆ మధ్య కాలంలో మీరు అక్కడ కార్డు కొట్టి ఉంటే, జవాబు కోసం ఎదురుచూడకుండా కార్డును శాశ్వతంగా బ్లాక్ చేయించి కొత్త నంబరుతో కార్డు తీసుకోండి. యాప్‌లో తాత్కాలికంగా ఆపి, తరువాత మళ్లీ తెరిస్తే పాత నంబరే తెరుచుకుంటుంది. గత రెండు నెలల స్టేట్‌మెంటులో చిన్న మొత్తాలను ముఖ్యంగా చూడండి. మీది కానిది కనబడితే ఆ రోజే బ్యాంకుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి ఆ ఫిర్యాదు నంబరు తీసుకోండి, ఆలస్యమైన కొద్దీ మీ వాదన బలహీనపడుతుంది. నా ఫిర్యాదు ఇంకా విచారణలోనే ఉంది. దుకాణం పంపిన రెండో మెయిలును, ఆ ఐదో పేరాతో సహా, దానికి జతచేశాను.

ఇది రాస్తుండగానే దుకాణం పేరుతో మరో మెయిలు వచ్చింది. నా పేరు, ఆర్డరు నంబరు, పట్టీ రంగు అన్నీ సరిగ్గా ఉన్నాయి. జరిగిన అసౌకర్యానికి పరిహారం చెల్లిస్తామని, దాని కోసం కింది లింకులో కార్డు వివరాలు ఇవ్వమని అడిగారు. పోయిన జాబితాలో చిరునామాలు, ఆర్డర్లు కూడా ఉన్నాయి కనుక ఇలాంటివి మీకూ వస్తాయి, లింకు నొక్కకండి. నేను దుకాణం చిరునామాను స్వయంగా టైపు చేసి చూశాను, అక్కడ పరిహారం ఊసే లేదు. నిజానికి అంత దూరం వెళ్లనక్కరలేదు, మెయిలు మొదటి వాక్యంలోనే క్షమాపణ ఉంది, అది వారు పంపింది కాదని నాకు అప్పుడే అర్థమైంది.