బొమ్మ తీసేశాక లోపలి మెడ: రెండో ఫోటో మేలా, గీసి పూడ్చడం మేలా?

బరంపురంలో కుర్తీలు అమ్మే ఒక వదిన కోసం ఫోటోలు సరిచేస్తుంటాను. బొమ్మకు తొడిగి తీసిన ఫోటోలో బొమ్మను చెరిపేస్తే మెడ దగ్గర ఖాళీ మిగులుతుంది. అక్కడ కుర్తీ వీపు లోపలి వైపు కనిపించాలి. దాన్ని ముందు భాగంలోని గుడ్డ ముక్కను కాపీ చేసి పూడ్చవచ్చు, లేదా లోపలి వైపును విడిగా ఫోటో తీసి అతికించవచ్చు.

ఏది మేలో గుడ్డే చెబుతుంది. సంబల్‌పురి ఇకత్‌లో నేతకు ముందే నూలుకు రంగు వేస్తారు కాబట్టి రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. లైనింగ్ లేని అలాంటి కుర్తీకి కాపీ ముక్క బాగానే అతుకుతుంది. అయితే లోపలి నుంచి చూస్తే డిజైన్ కుడి ఎడమలు తారుమారవుతాయి, అందుకని ముక్కను అడ్డంగా తిప్పాలి. అచ్చు వేసిన కాటన్‌కు ఈ పద్ధతి పనికిరాదు. దాని లోపలి వైపు వెలిసినట్టు ఉంటుంది, పైగా మెడ చుట్టూ కుట్టిన పట్టీ, లేబుల్ కూడా ఉంటాయి. ఎర్ర అచ్చు కుర్తీ ఒకటి నేను ముందు గుడ్డతోనే పూడ్చాను. లోపల కూడా పువ్వులు అంతే ముదురుగా కనబడేసరికి వదిన వెంటనే పట్టేసింది.

రెండోసారి కెమెరాను స్టాండు మీద కదపకుండా, వెలుగు, వైట్ బ్యాలెన్స్ మార్చకుండా ముందు ఫోటో తీశాం. తర్వాత కుర్తీని లోపలివైపు బయటకు తిప్పి తొడిగి, బొమ్మ వీపును కెమెరా వైపు పెట్టి ఇంకో ఫోటో తీశాం. ఇందులో లేబుల్ సరిగ్గానే చదవబడుతుంది, తిప్పే పని లేదు. ఫోటోషాప్‌లో ఈ రెండో ఫోటోలోని మెడ భాగాన్ని ముందు లేయర్ కింద ఉంచి, `Warp`తో రెండు భుజాల కుట్లనూ కలిపాను. కుట్లు కలిస్తే మిగతాది దాదాపు దానంతట అదే కుదురుతుంది.

చాలామంది తప్పు చేసేది వంపులోనే. గుండ్రటి మెడ కుర్తీకి వెనక మెడ మధ్యలో భుజం కుట్టు కంటే కొంచెం కిందికి దిగి ఉంటుంది. దాన్ని పైకి ఉబ్బినట్టు గీస్తే మెడకు మూత పెట్టినట్టు కనిపిస్తుంది. ఇంకొకటి నీడ. ముందు మెడ అంచును ఆనుకుని లోపలి గుడ్డ మీద నీడ ముదురుగా, పైకి పోయేకొద్దీ పలచగా ఉండాలి. నేను `Multiply` లేయర్ మీద మెత్తటి బ్రష్‌తో వేసి, 20 నుంచి 30 శాతం దగ్గర ఆపుతాను. నీడ లేకపోతే లోపలి ముక్క కాగితం అంటించినట్టు తేలిపోతుంది.

రెండో ఫోటోకు కుర్తీకి రెండు మూడు నిమిషాలు అదనంగా పడుతుంది. అచ్చు కాటన్, లైనింగ్ ఉన్నవి, లేబుల్ కనిపించాల్సినవి అయితే నేను ఆ పనే చేస్తాను. కుర్తీ అమ్ముడైపోయి మళ్లీ తీయడం కుదరనప్పుడు గీసి పూడుస్తాను. అప్పుడూ ముక్క రంగును కాస్త వెలిసేలా తగ్గించి, పట్టీ కుట్టును విడిగా గీస్తాను.